పెళ్లి కేక్ ఒరిగింది వేడికి కాదు

సాయంత్రం 6 దాటి పది నిమిషాలైంది. హాల్లో బల్ల మీదున్న మూడంతస్తుల కేక్‌లో నడిమి అంతస్తు ఎడమవైపుకి వేలెడు దిగిపోయింది. దాని కింద, అడుగు అంతస్తు పక్కన, తెల్లటి బటర్‌క్రీమ్ ఉబ్బి ఏటవాలుగా ఒక పగులు తీసింది. హాలు కుర్రాడు ఫోన్ చేసి, "అక్కా, కేక్ ఒరుగుతోంది, త్వరగా రండి" అన్నాడు. కేక్ కోయడానికి ఇంకా యాభై నిమిషాలుంది.

ఇంటి ఓవెన్‌లో కేకులు చేసి అమ్మే ఒకామె కథ ఇది. పుట్టినరోజు కేకుల్లో ఆమె చెయ్యి బాగా తిరిగింది. పెళ్లికి ఇంత పెద్ద ఆర్డరు తీసుకోవడం ఇదే మొదలు. ఆ రోజు ఆమె పరుగున వెళ్లి, పై అంతస్తును ఎత్తి పక్కన పెట్టి, నడిమిదాన్ని దాని బోర్డుతో సహా తీసి వంటగదిలోకి పంపింది. పగిలిన వైపు గోడకి తిప్పి, అడుగు అంతస్తు మీద మిగిలిన పూలన్నీ పరిచింది. పెళ్లివాళ్లు ఆ ఒక్క అంతస్తునే కోశారు. కేక్ రుచిగా ఉందని అందరూ అన్నారు. ఆమె డబ్బులో సగం తిరిగిచ్చేసింది. చూసినవాళ్లంతా చెప్పింది ఒకటే మాట: "ఏం చేస్తారు, వేడికి కరిగిపోయింది."

ఈ మాటతోనే నాకు పేచీ. ఒరిగిన కేక్ గురించి ఎవర్నడిగినా మొదట వచ్చే సమాధానం వేడి. నమ్మడానికి అది చాలా సులువైన కారణం, ఎందుకంటే తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. ఆ నిర్ణయానికొచ్చిన బేకర్ తర్వాత చేసే పనులు కూడా తెలిసినవే: క్రీమ్‌లో ఇంకాస్త చక్కెర పొడి వేస్తుంది, వెన్న తగ్గించి వనస్పతి కలుపుతుంది, ఎండాకాలం ఆర్డర్లు మానేస్తుంది. కేక్ రుచి పోతుంది, పని తగ్గుతుంది, అసలు లోపం మాత్రం లోపల అలాగే ఉండిపోయి చలికాలంలో ఇంకో కేక్‌ని ఒరగబెడుతుంది.

ఆమె కూడా మొదట వేడినే అనుకుంది. అనుమానం వచ్చింది ఫోటోల వల్ల.

పై అంతస్తు చెప్పిన సాక్ష్యం

కేక్ బల్ల మీద పెట్టినప్పుడు, అంటే మధ్యాహ్నం 3 దాటాక, ఆమె ఒక ఫోటో తీసుకుంది. అలంకరణవాళ్లు 4.40 ప్రాంతంలో ఒకటి తీశారు. 6 గంటలకి హాలువాళ్లు తీసింది మూడోది. మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మొదటిదాంట్లో ఏ లోపమూ లేదు. రెండోదాంట్లో, నడిమి అంతస్తు బోర్డు కింద ఒకవైపు సన్నటి నీడ కనిపించకుండా పోయింది. అంటే అక్కడ బోర్డు అడుగు అంతస్తులోకి కాస్త దిగింది. దాని కింద పక్కగోడ మీద, పెద్ద అంతస్తు పై అంచుకి మూడు వేళ్ల కింద, చిన్న ఉబ్బు మొదలైంది. మూడోదాంట్లో పగులు.

మూడో ఫోటోలో ఇంకొకటి కూడా ఉంది. అన్నిటికన్నా పైనున్న 6 అంగుళాల అంతస్తు అంచులు అప్పటికీ కత్తితో కోసినట్టే ఉన్నాయి. వాడింది అదే బటర్‌క్రీమ్, ఉన్నది అదే గదిలో, అదే వేడిలో. పైగా అది అన్నిటికంటే చిన్నది, కాబట్టి అన్నిటికన్నా ముందు చల్లదనం పోయేది దానికే. కరిగి జారడమే కారణమైతే మొదట మెత్తబడాల్సింది ఆ అంతస్తు. పై అంచులు గుండ్రబడాలి, క్రీమ్ కిందకి జారి బోర్డు దగ్గర మడతలు పడాలి, పైన గుచ్చిన పూలు వాలిపోవాలి. అవేవీ జరగలేదు. దెబ్బతిన్నది బరువు మోస్తున్న చోట మాత్రమే.

ఒరిగిన కేక్‌ని పారేసే ముందు ఇలా చదవడం నేర్చుకోవాలి. వేడి వల్ల జరిగిన నష్టం అన్ని అంతస్తుల మీదా కనిపిస్తుంది. మోత వల్ల జరిగిన నష్టం పై బోర్డు అంచు కిందే మొదలై, ఉబ్బుగా, తర్వాత ఏటవాలు పగులుగా తేలుతుంది. అడుగు నుంచి పైకి నిటారుగా పగులు వస్తే కింది బోర్డు పల్చనై వంగిందని అర్థం. రెండు స్పాంజ్ పొరల మధ్య అడ్డంగా జారితే లోపలి ఫిల్లింగ్ మరీ పల్చనిది. ఒకే కేక్‌లో రెండు మూడు కలిసి ఉండొచ్చు, కానీ ఏది ముందు వచ్చిందో తెలియకపోతే ఏది మార్చాలో తెలియదు.

మోసింది ఏది?

అంతస్తుల కేక్‌లో కింది కేక్ పై కేక్‌ని మోయకూడదు. ప్రతి అంతస్తుకీ తనకంటూ ఒక బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కింది అంతస్తులో నిలువుగా గుచ్చిన డోవెల్స్ అనే సన్నటి కర్రల మీద కూర్చుంటుంది. డోవెల్స్ కింది బోర్డు మీద నిలబడతాయి. బరువంతా బోర్డు నుంచి కర్రకి, కర్ర నుంచి కింది బోర్డుకి, చివరికి బల్లకి దిగిపోతుంది. మధ్యలో స్పాంజ్ ఉన్నట్టే లెక్కలేదు. ఇది ఆమెకి తెలుసు. బోర్డులు పెట్టింది, అడుగు అంతస్తులో ఆరు, నడిమిదాంట్లో నాలుగు నిలువు ఆధారాలూ గుచ్చింది. కానీ ఆ ఆధారాలు కాగితపు స్ట్రాలు.

ప్లాస్టిక్ స్ట్రాలతో చిన్న కేకులు నిలబెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పేమీ కాదు. లావుపాటి ప్లాస్టిక్ స్ట్రా నిటారుగా ఉన్నంతసేపు నిలువు బరువుని బాగానే మోస్తుంది. ఆమె ఎప్పుడూ వాడేవి దొరకక, అదే లావున్న కాగితపువి తెచ్చింది. చేతిలో పట్టుకుని నొక్కితే అవి ప్లాస్టిక్ కంటే గట్టిగానే అనిపించాయి. పొడిగా ఉన్నప్పుడు గట్టివే. తడి స్పాంజ్‌లో, పండ్ల ఫిల్లింగ్‌లో గుచ్చి ఉంచితే కాగితం నెమ్మదిగా నీరు పీలుస్తుంది. ముందురోజు రాత్రి 11కి గుచ్చింది. మర్నాడు సాయంత్రానికి అవి పందొమ్మిది గంటలుగా నానుతున్నాయి.

సరే, మరి రాత్రంతా, దారి పొడుగునా, బల్ల మీద మొదటి గంటంతా ఎందుకు ఏమీ కాలేదు? ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ముడి ఇదే.

ఫ్రిజ్‌లో ఉన్న కేక్ మెత్తటి వస్తువు కాదు. వెన్న 4 డిగ్రీల దగ్గర కొవ్వొత్తిలా బిగుసుకుంటుంది. వెన్నతో చేసిన స్పాంజ్, చుట్టూ పూసిన బటర్‌క్రీమ్, రెండూ కలిసి ఒక గట్టి పెట్టెలా తయారవుతాయి. పైనున్న రెండు అంతస్తులూ కలిపి సుమారు 4 కిలోలు. ఆ 4 కిలోల్నీ చల్లటి పెట్టె స్వయంగా మోసేస్తుంది. స్ట్రాలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆమె రాత్రి పేర్చాక కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, బయటికి తీసి, బల్లని కాస్త కదిపి చూసింది. చెక్కుచెదరలేదు. ఆ పరీక్షలో నెగ్గింది చల్లటి వెన్న. స్ట్రాల మీద బరువు పడనే లేదు.

హాల్లో అతిథులొచ్చేదాకా ఏసీ వేయలేదు, గది 30 డిగ్రీల దాకా ఉంది. వెన్న 20 డిగ్రీలకే కత్తికి లొంగుతుంది, 30 దాటేసరికి దాదాపు నిలబడలేదు. కేక్ బయటి నుంచి లోపలికి మెత్తబడుతూ వచ్చిన కొద్దీ పెట్టె మోయడం మానేసింది, బరువు స్ట్రాల మీదకి బదిలీ అయింది. అవి అప్పటికే నాని ఉన్నాయి. ఒకవైపు రెండు ముందుగా మడతపడ్డాయి, బోర్డు అటు వాలింది. ఒకసారి వాలాక మిగిలినవి కూడా నిటారుగా ఉండవు, ఏటవాలు స్ట్రా బరువు మోయదు. ఇక ఆగేది లేదు.

అంటే వేడి పాత్ర లేదని కాదు. అది లోపాన్ని బయటపెట్టింది, అంతే. కర్రలు సరిగ్గా ఉండి ఉంటే ఆ గదిలో ఆ సాయంత్రం ఆ కేక్ అంచులు మహా అయితే కాస్త మెత్తబడేవి, పూత మెరిసేది. పై అంతస్తులాగే నిలబడేది.

అడుగు అంతస్తు అంత మెత్తగా ఎందుకుంది

స్ట్రాలు ఒక్కటే అయితే కథ ఇంత వేగంగా నడిచేది కాదు. అడుగు అంతస్తు తన పరిమాణానికి తగ్గ గట్టిదనంతో లేదు, దానికి మూలం ఓవెన్ కంటే ముందు, కాగితం మీద వేసిన లెక్కలో ఉంది.

ఆమె వంటకం 6 అంగుళాల టిన్‌కి సరిపోయేది. టిన్‌కి 450 గ్రాముల పిండి మిశ్రమం పోస్తే 5 సెంటీమీటర్ల ఎత్తు స్పాంజ్ వస్తుంది. 8 అంగుళాలది తరచూ చేసేదే కాబట్టి దాని కొలత చేతికి తెలుసు. 10 అంగుళాల టిన్ మాత్రం కొత్త. 10ని 6తో భాగించి 1.67 రెట్లు అనుకుని 750 గ్రాములు పోసింది. టిన్ వెడల్పు పెరిగితే పట్టే పిండి వెడల్పుతో పాటు పెరగదు, వెడల్పు వర్గంతో పెరుగుతుంది. 6ని 6తో గుణిస్తే 36, 10ని 10తో గుణిస్తే 100. వందని ముప్పై ఆరుతో భాగిస్తే 2.78 వస్తుంది. ఆ లెక్కన పోయాల్సింది 1250 గ్రాములు. ఆమె పోసినది అందులో సరిగ్గా అరవై శాతం, అందుకే పొర 5 సెంటీమీటర్లకి బదులు 3 దగ్గర ఆగింది.

ఇలా పల్చటి పొరలు రెండొచ్చాక, ఎత్తు సరిపోక, హడావుడిగా మూడోది కాల్చింది. అది పూర్తిగా చల్లారకముందే పేర్చింది. అనుకున్న 11 సెంటీమీటర్లకి చేరడానికి రెండుచోట్లా పండ్ల ఫిల్లింగ్ సెంటీమీటరు మందాన పరిచింది. రెండు గట్టి పొరలూ ఒక ఫిల్లింగూ ఉండాల్సినచోట మూడు పల్చటి పొరలూ రెండు మందపాటి జారుడు గీతలూ వచ్చాయి. చిన్న కేక్ అయితే ఫరవాలేదు. మొత్తం కేక్‌లో అన్నిటి బరువూ మీద పడే అంతస్తే అన్నిటికన్నా మెత్తనిదైంది.

పెద్ద టిన్‌కి మరో చిక్కు కూడా ఉంది, అది ఆమెకి ఈసారి తగల్లేదు కానీ 1250 గ్రాములు పోసి ఉంటే తగిలేది. వెడల్పాటి టిన్‌లో అంచులు ముందు గట్టిపడి, మధ్యభాగం ఇంకా పచ్చిగా ఉండి పైకి గుమ్మటంలా లేస్తుంది. 175 డిగ్రీలకి బదులు 160 దగ్గర ఎక్కువసేపు కాల్చడం, టిన్ చుట్టూ తడి గుడ్డపట్టీ చుట్టడం దీనికి మందు. పుల్ల గుచ్చి చూసేది నడిమధ్యలోనే చూడాలి, అంచుకి దగ్గర్లో చూస్తే ఎప్పుడూ అయిపోయిందనే చెబుతుంది.

ఆమె మార్చినవి, మార్చనివి

వంటకం మార్చలేదు. నేను దీన్ని ముందుగా చెబుతున్నది కావాలనే. తెలిసినవాళ్లు చాలామంది చక్కెర పెంచమన్నారు, క్రీమ్ మార్చమన్నారు. తిన్నవాళ్లు మెచ్చుకున్న స్పాంజ్‌నీ, పై అంతస్తులో నిక్కచ్చిగా నిలబడ్డ క్రీమ్‌నీ మార్చడానికి కారణం ఏమీ లేదు.

మొదట మార్చింది పరీక్షని. 10 అంగుళాల అంతస్తు ఒకటి, ఈసారి సరైన కొలతతో, ఇంట్లో తినడానికే చేసింది. చెక్క డోవెల్స్ గుచ్చి, మీద 8 అంగుళాల బోర్డు పెట్టి, బోర్డు మీద లీటరు నీళ్ల సీసాలు నాలుగు నిలబెట్టింది. అంటే 4 కిలోలు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్నే బయటపెట్టి, ఫ్యాన్ కూడా వేయకుండా ఐదు గంటలు వదిలేసింది. గంటకోసారి నాలుగు వైపులా స్కేలు పెట్టి బోర్డు ఎత్తు రాసుకుంది. నాలుగు అంకెలూ చివరిదాకా మారలేదు. పక్కనే ఒక గిన్నెలో మిగిలిన ఫిల్లింగ్‌లో ఒక కాగితపు స్ట్రా రాత్రి గుచ్చి ఉంచింది. పొద్దున దాన్ని తీసి వేలితో పైనుంచి నొక్కితే మధ్యలో మడతపడింది. కేక్ అక్కర్లేకుండా ఎవరైనా చేసుకోగల పరీక్ష ఈ రెండోది. వెచ్చబడ్డ కేక్‌ని పరీక్షించకుండా, చల్లగా ఉన్నప్పుడు కదిపి చూసి "గట్టిగానే ఉంది" అనుకోవడం ఏ పరీక్షా చేయకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే అది ధైర్యాన్నిస్తుంది.

డోవెల్స్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడ చాలామంది సంఖ్య దగ్గరే ఆగిపోతారు. ఆమెకి వచ్చిన సలహాల్లో ఒకటి పది పన్నెండు గుచ్చమని. అన్ని కర్రలు గుచ్చితే అవి అంత స్పాంజ్‌ని పక్కకి తోస్తాయి, ఆ ఒత్తిడికి కేక్ పక్కగోడే ఉబ్బుతుంది. 8 అంగుళాల అంతస్తు కింద 6 మిల్లీమీటర్ల చెక్కవి ఏడు చాలు: మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. 6 అంగుళాలదాని కింద ఐదు. చుట్టూ గుచ్చేవి పై బోర్డు అంచుకి రెండు సెంటీమీటర్లు లోపలికి ఉండాలి. సరిగ్గా అంచు కిందే ఉంటే, పేర్చేటప్పుడు బోర్డు కొంచెం పక్కకి పడినా ఒక కర్ర బయటే ఉండిపోతుంది.

సంఖ్య కన్నా ముఖ్యమైంది పొడవు. ఏడూ ఒకే పొడవుండాలి. ఒక్కొక్కటీ గుచ్చి, గుచ్చిన చోట ఎత్తుకి గుర్తు పెట్టి కోయడం సహజంగా తోచే పద్ధతి, అదే తప్పు. కేక్ పైభాగం ఎంత చదును చేసినా రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. కర్రలూ ఆ తేడాతోనే తెగుతాయి, బోర్డు ఏటవాలుగా కూర్చుంటుంది. అలా కాకుండా, అంతస్తు మీద అన్నిటికన్నా ఎత్తైన చోట ఒకటి గుచ్చి, గుర్తుపెట్టి, బయటికి తీసి కోయాలి. మిగిలిన ఆరూ దాన్ని కొలతగా పెట్టుకుని కోయాలి. కోసిన కొసలు ఉప్పుకాగితంతో రుద్ది, తుడిచి, బల్ల మీద నిలువుగా వరసగా నిలబెట్టి చూస్తే పొట్టిది ఏదో కంటికే తెలుస్తుంది. పొట్టిగా ఉన్న కర్ర లేనట్టే లెక్క. కొంచెం పొడుగైతే రెండు అంతస్తుల మధ్య సందు కనిపిస్తుంది, క్రీమ్ గీత వేస్తే పోతుంది. కాబట్టి అనుమానమొస్తే పొడుగు వైపే తప్పు చేయాలి.

ఎప్పుడు కోయాలన్నది కూడా ఉంది. ఫిల్లింగ్ పెట్టిన కేక్ మొదటి కొన్ని గంటల్లో తన బరువుకి తానే కొంత కుంగుతుంది. అది కుంగకముందే బయటి పూత వేస్తే పొరల మధ్య గాలీ ఫిల్లింగూ బయటికి తోసుకొచ్చి, కేక్ చుట్టూ బెల్టు కట్టినట్టు ఉబ్బు వస్తుంది. పాత కేక్‌కి ఆమె ఫిల్లింగ్ పెట్టిన అరగంటలోనే పూత వేసింది. ఇప్పుడు ముందు ప్రతి పొర అంచున గట్టి బటర్‌క్రీమ్‌తో వేలి మందం కట్ట కడుతుంది, పండ్ల ఫిల్లింగ్ ఆ కట్ట లోపలే, దానికన్నా కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. పేర్చిన అంతస్తుని పల్చటి ప్లాస్టిక్ రేపర్‌తో చుట్టి, మీద ఒక బోర్డూ దాని మీద అరకిలో బరువూ పెట్టి, రెండు మూడు గంటలు వదిలేస్తుంది. అప్పటికి కుంగాల్సింది కుంగుతుంది. తర్వాత ఫ్రిజ్, ఆ తర్వాత పూత, ఆఖరున డోవెల్స్.

పేర్చడం ఇంట్లో మానేసింది. మూడు అంతస్తులూ మూడు పెట్టెల్లో చల్లగా వెళ్తాయి, హాల్లో పేరుస్తుంది. దీని మీద బేకర్లలో రెండు వర్గాలున్నాయి. పేర్చి తీసుకెళ్లేవాళ్లు, ఒక కొస చెక్కిన పొడుగు కర్రని పై నుంచి అన్ని బోర్డుల గుండా సుత్తితో దింపి, పక్కకి జారకుండా బిగిస్తారు. అనుభవం ఉన్నవాళ్లకి అది మంచి పద్ధతే, అక్కడికెళ్లాక పని తక్కువ. మొదటి నాలుగైదు పెళ్లి కేకులకి మాత్రం విడిగా తీసుకెళ్లడమే మేలని నా అభిప్రాయం. ఒక్కో పెట్టె ఒక మనిషి ఎత్తగలిగే బరువుంటుంది, దారిలో ఏదైనా అయితే ఒక అంతస్తుకే అవుతుంది. దీనికి చెల్లించే మూల్యం ముప్పై నలభై నిమిషాలు, కొన్ని వేలిముద్రలు. అందుకని ఆమె సంచిలో ఎప్పుడూ పావుకిలో బటర్‌క్రీమ్, చిన్న పాలెట్ కత్తి, చేతితొడుగులు, బల్ల సమంగా ఉందో లేదో చూపే చిన్న రసమట్టం ఉంటాయి. బల్ల వంకరగా ఉంటే డోవెల్స్ ఎంత సమంగా కోసినా లాభం లేదు. కేక్ పెట్టకముందే బల్లని కొలుస్తుంది.

కారు విషయం ఒక్క మాట. సీటు చదునుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. పెట్టెలు కాళ్లు పెట్టుకునే చోటో డిక్కీలోనో, కింద జారని రబ్బరు పట్టీ వేసి పెట్టాలి. బయల్దేరడానికి అరగంట ముందే కారు చల్లబడి ఉండాలి.

ఆర్డరు తీసుకునే కాగితం

వంటింట్లో మార్పుల కన్నా ఎక్కువ ఫలితమిచ్చింది ఇది. మునుపు ఆమె అడిగేవి మూడు: రుచి, రంగు, ఎంతమంది. ఇప్పుడు ఎక్కడ, ఎప్పుడు అనేవి ముందు వస్తాయి. బల్ల కిటికీ పక్కనా? ఆరుబయటా? ఏసీ ఎన్నింటికి వేస్తారు? కేక్ ఎన్నింటికి కోస్తారు? నేను వచ్చేసరికి బల్ల సిద్ధంగా ఉంటుందా? పేర్చాక దాన్ని ఎవరూ జరపరు కదా? చివరిది వింతగా తోచొచ్చు, కానీ ఫోటోలవాళ్లు వెలుతురు కోసం బల్ల జరపడం మామూలే.

ఈ జవాబుల్ని బట్టి పూత నిర్ణయమవుతుంది. కేక్ బల్ల మీద ఉండేది రెండు గంటల లోపు, గది చల్లగా ఉంటుంది అంటే బటర్‌క్రీమ్. ఆరుబయట అంటే వైట్ చాక్లెట్ గనాష్, మూడు వంతుల చాక్లెట్‌కి ఒక వంతు క్రీమ్. డార్క్ చాక్లెట్ అయితే రెండుకి ఒకటి చాలు, దానిలో కోకో ఎక్కువ కాబట్టి తక్కువ చాక్లెట్‌తోనే బిగుస్తుంది. గనాష్ వేడిలో బటర్‌క్రీమ్ కన్నా చాలాసేపు ఆకారం నిలుపుకుంటుంది, కానీ నేరుగా ఎండ పడితే అదీ లొంగుతుంది. నీడ లేని బల్లకి ఆమె ఒప్పుకోదు. తాజా క్రీమ్ ఫిల్లింగ్ ఉన్న కేక్‌ని అయితే బయట ఎక్కువసేపు ఉంచడం రుచి సమస్య కూడా కాదు, కడుపు సమస్య. పెళ్లి కేక్‌కి ఆమె అది పెట్టనే పెట్టదు.

ఎంతమందికి అన్న ప్రశ్న కూడా వేరేలా అడుగుతుంది. పెళ్లిలో ముక్క అంగుళం వెడల్పు, రెండు అంగుళాల లోతు, అంతస్తు ఎంత ఎత్తుంటే అంత ఎత్తు. ఆ కొలతన 10 అంగుళాల అంతస్తు సుమారు 38 మందికి, 8 అంగుళాలది 24 మందికి, 6 అంగుళాలది 12 మందికి వస్తుంది. మొత్తం 74. తర్వాత వచ్చిన ఆర్డరు 120 మందికి. మునుపైతే కింద 12 అంగుళాలది ఇంకొకటి చేర్చేది. అది ఆమె ఫ్రిజ్‌లో పట్టదు, ఆమె ఓవెన్‌లో అంచులు గోడలకి తగులుతాయి. ఇప్పుడు అలంకరణకి అదే మూడంతస్తుల కేక్, వంటగదిలో కోసి పంచడానికి అదే స్పాంజ్‌తో 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవున్న పలక కేక్ ఒకటి. అదే ముక్క కొలతతో దాంట్లోంచి యాభైకి పైగా వస్తాయి. దానికి డోవెల్స్ లేవు, పూలు లేవు, భయం లేదు. ఇంటి బేకర్ ఎంత పెద్ద ఆర్డరు తీసుకోవచ్చన్నది ధైర్యాన్ని బట్టి కాదు, ఫ్రిజ్ లోపలి కొలత బట్టి తేలాలి. అరలు తీసేసి టేపు పెట్టి కొలిచిన అంకెలు ఆ ఆర్డరు కాగితం వెనకే రాసి ఉంటాయి.

రోజుల లెక్క కూడా వెనక నుంచి ముందుకి వేస్తుంది. శనివారం పెళ్లి అంటే స్పాంజ్‌లు మంగళ బుధవారాల్లోనే కాల్చి, పూర్తిగా చల్లార్చి, రెండు చుట్లు చుట్టి ఫ్రీజర్‌లో. గురువారం ఫిల్లింగ్, కుంగడం, మొదటి పూత. శుక్రవారం చివరి పూత, డోవెల్స్. శనివారం పొద్దున చేతిలో ఏ పనీ ఉండకూడదు. ఉంటే అది ఏదో తప్పు జరిగిందని అర్థం, అది సరిదిద్దుకోవడానికే ఆ పూట. పాత కేక్‌లో మూడో పొర చల్లారకుండా పేర్చింది ఇలాంటి పూట లేకనే.

ఆఖరి మార్పు హాలువాళ్ల కోసం. కేక్ కోసేది బేకర్ కాదు, వంటగదిలో ఎవరో. లోపల చెక్క కర్రలున్నాయని వాళ్లకి తెలియాలి. బోర్డు కింద అంటించే చిన్న కాగితం మీద ఇలా రాస్తుంది: "పై అంతస్తు ముందు తీయండి. నడిమిదాంట్లో 5, అడుగుదాంట్లో 7 కర్రలు. కోసే ముందు లాగేయండి. మొత్తం 12 లెక్క చూసుకోండి."

ఆ 120 మంది పెళ్లిలో కేక్ మూడు గంటలు నిలబడింది. రాత్రి 10 దాటాక మళ్లీ హాలు నుంచి ఫోన్ వచ్చింది, ఈసారి వంటగదిలోంచి.

"అక్కా, పన్నెండని రాశారు. పదకొండే ఉన్నాయి."

"అడుగు అంతస్తులో నడిమధ్యది తీశారా?"

కాసేపు అవతల గిన్నెల చప్పుడు. "ఆ ముక్క పెళ్లికూతురి వాళ్లకి డబ్బాలో కట్టేశాం."

"డబ్బా ఇంకా అక్కడే ఉందా?"

"ఉంది. తీస్తున్నా... దొరికింది."